అక్క న్యూజెర్సీలో, ఫ్లాటు ఎంవీపీ కాలనీలో: పవర్ ఆఫ్ అటార్నీ ఎలా రాయించాలి, ఎక్కడ ఆపాలి

మా అక్క న్యూజెర్సీలో ఉంటుంది. 2012లో 38 లక్షలకు కొన్న ఫ్లాటు ఎంవీపీ కాలనీలో ఉంది. నేను విశాఖలోనే ఉంటాను కాబట్టి అద్దె, రిపేర్లు, ఇంటి పన్ను అన్నీ నా నెత్తిన పడ్డాయి. మొదట పవర్ లేకుండానే నడిపించాను. తర్వాత మేనేజ్‌మెంట్ కోసం ఒక పవర్, చివరికి అమ్మడానికి ఇంకో పవర్ రాయించుకున్నాం. రెండు రకాలూ చేతిలో పట్టుకుని తిరిగినవాణ్ణి కనుక, ఏది ఎక్కడ అతుక్కుపోతుందో కొంత తెలిసింది. ఆ క్రమంలోనే చెబుతాను.

ముందే ఒక మాట. విదేశంలో ఉన్నవాళ్ళు "ఇక్కడి పనులన్నీ చూసుకోవడానికి" అంటూ ఒకే జనరల్ పవర్, అంటే జీపీఏ, రాసిచ్చేస్తుంటారు. పని తేలికవుతుందని వాళ్ళ ఆలోచన. అది ఇంటి తాళాల గుత్తి మొత్తం ఇచ్చేయడమే. అద్దె వసూలుకు ఒక పవర్, అమ్మకం నిజంగా కుదిరినప్పుడు దానికి మాత్రమే ఇంకో స్పెషల్ పవర్ అని విడగొడితే ఖర్చు కొంచెం పెరుగుతుంది, కొరియర్ రెండుసార్లు తిరుగుతుంది. అయినా నేను అదే చెబుతాను. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

ముందుగా: ఈ కాగితం ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

పవర్ ఇచ్చినంత మాత్రాన ఆస్తి నాది కాదు. నేను అక్క చేతిని కాస్త పొడిగించినట్టు, అంతే. ఆస్తి ఆమెదే, పన్ను ఆమెదే, ఆమె చనిపోతే ఆ క్షణంలోనే నా చేతి పని ఆగిపోతుంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ చెప్పేది అదే: ఇచ్చినవారు చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా, రద్దు చేసినా ఏజెన్సీ, అంటే వారి బదులు పనిచేసే అధికారం, ముగుస్తుంది. ఆ తర్వాత నేను చేసే సంతకానికి విలువ ఉండదు. "అక్క పోయినా జీపీఏ నా దగ్గర ఉంది కదా" అని అమ్మేసినవాళ్ళ కథలు ఊళ్ళో వినబడుతుంటాయి. అలా కొన్నవాళ్ళు కోర్టుల చుట్టూ తిరుగుతారు.

రెండోది, పవర్‌లో రాయని పని పవర్‌లో లేనట్టే. కోర్టులు వీటిని చాలా ఇరుకుగా చదువుతాయి. 2022లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో పవర్‌లో లీజుకు ఇవ్వడం, తనఖా పెట్టడం ఉన్నాయి. అమ్మే అధికారం మాత్రం స్పష్టంగా లేదు. ఆ పవర్ మీద చేసిన అమ్మకాలు నిలబడలేదు. కొనేవారి లాయర్ మొదట వెతికేది ఈ మాటనే: అమ్మకం దస్తావేజు రాసి, సంతకం చేసి, రిజిస్ట్రేషన్‌కు సమర్పించే అధికారం ఉందా, లేదా. "అన్ని పనులూ చేయవచ్చు" అన్న ఒక్క వాక్యం మీద ఆధారపడి ఎవరూ డబ్బు కట్టరు, కట్టకూడదు కూడా.

మూడోది, కొన్ని పనులు పవర్‌తో అసలు కావు. అక్క తరఫున వీలునామా నేను రాయలేను. కోర్టులో ఆమెకు మాత్రమే వ్యక్తిగతంగా తెలిసిన విషయాల మీద ఆమె బదులు నేను సాక్ష్యం చెప్పలేను. 2004లోనే సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. అద్దె బకాయి కేసు వేయాల్సి వస్తే లెక్కల గురించి నాకు తెలిసింది నేను చెప్పగలను. అక్కకూ అద్దెదారుకూ మధ్య ఫోన్‌లో జరిగిన మాటల గురించి మాత్రం ఆమే చెప్పాలి.

పవర్ రాయించడం: ఇక్కడ తొందర పనికిరాదు

ముసాయిదా విశాఖలోనే, లాయర్ దగ్గర రాయించండి. అమెరికాలో దొరికే రెడీమేడ్ ఫారం మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వాళ్ళకు అర్థం కాదు. ఆస్తి వివరాలు అందులో ఉండవు, హద్దులుండవు. మన పవర్‌లో షెడ్యూల్ కచ్చితంగా ఉండాలి: ఫ్లాట్ నంబరు, అపార్ట్‌మెంట్ పేరు, డోర్ నంబరు, జీవీఎంసీ అసెస్‌మెంట్ నంబరు, అవిభాజ్య భూభాగం ఎన్ని గజాలు, నాలుగు హద్దులు, కొన్న దస్తావేజు నంబరు, సంవత్సరం. వీటిని మన ఒరిజినల్ సేల్ డీడ్ చూసి అక్షరం పొల్లు పోకుండా దించాలి. ఒక్క అంకె తేడా వస్తే తర్వాత సవరణ పవర్ అని మళ్ళీ అక్కను కాన్సులేట్‌కు పంపాల్సి వస్తుంది.

పేరు విషయం ఇంకా ముఖ్యం. మా దగ్గర ఇక్కడే చిక్కు వచ్చింది. ఫ్లాటు కొన్నప్పుడు అక్క పేరు మా ఇంటి పేరుతో ఉంది. ఆ తర్వాత పాస్‌పోర్టు రెన్యువల్‌లో బావగారి ఇంటి పేరు వచ్చింది. సేల్ డీడ్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు అయింది. నోటరీ, కాన్సులేట్ వాళ్ళు చూసేది పాస్‌పోర్టు. సబ్ రిజిస్ట్రార్ చూసేది సేల్ డీడ్. ఇద్దరికీ ఒకే మనిషి అని తెలియాలంటే పవర్ మొదటి పేరాలోనే రెండు పేర్లూ రాసి, ఈ రెండూ నావే అని చెప్పించాలి. పాన్ కార్డులో ఏ పేరు ఉందో కూడా సరిచూడండి. పెళ్ళైన ఆడవాళ్ళ ఆస్తుల్లో ఈ తలనొప్పి ఎక్కువగా కనిపిస్తుంది.

మేనేజ్‌మెంట్ పవర్‌లో మేం రాయించిన అధికారాలు ఇవి: అద్దెకు ఇవ్వడం, పదకొండు నెలల అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టడం, అద్దెదారుకు నోటీసు ఇవ్వడం, ఇంటి పన్ను, కరెంటు బిల్లు, అసోసియేషన్ చార్జీలు కట్టడం, జీవీఎంసీ, ఈపీడీసీఎల్ ఆఫీసుల్లో దరఖాస్తులు ఇవ్వడం, రిపేర్లు చేయించడం. ఆ కింద, ఏం చేయకూడదో కూడా రాయించాం. అమ్మకూడదు, అమ్మకం ఒప్పందం చేయకూడదు, తనఖా పెట్టకూడదు, గిఫ్ట్ ఇవ్వకూడదు, ఈ అధికారాన్ని ఇంకొకరికి బదిలీ చేయకూడదు. చెప్పని పని లేనట్టే అని పైన అన్నాను కదా, మరి ఇది ఎందుకు అంటారేమో. రాసి ఉంటే అద్దెదారూ, పక్కవాళ్ళూ, ఏ బ్రోకర్ అయినా ఒక్క చూపులో తెలుసుకుంటారు. దాని విలువ వేరు.

ఇంకో రెండు మాటలు రాయించండి. ఒకటి, అద్దె అక్క పేరు మీద ఉన్న ఎన్ఆర్‌ఓ ఖాతాలోకే, అంటే విదేశంలో ఉన్నవాళ్ళు ఇక్కడి ఆదాయం కోసం తెరిచే రూపాయి ఖాతాలోకే, నేరుగా పడాలి. రెండోది, కాలపరిమితి. మా పవర్‌ను అక్క మూడేళ్ళకే ఇచ్చింది. పొడిగించుకోవాలంటే మళ్ళీ మాట్లాడుకోవాలి. అప్పుడు నేను కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజమే.

"ఏంటక్కా, నన్ను నమ్మవా?" అనాలనిపించింది నాకు. ఫోన్‌లో అక్క ఒక్కటే అంది: "నిన్ను నమ్మకపోవడం కాదురా. నువ్వే లేకపోతే ఈ కాగితం ఎవరి చేతిలో పడుతుంది?"

దాంతో నా నోరు మూతపడింది.

ఒక ఉచ్చు గురించి ఇక్కడే చెప్పాలి. కొన్ని ముసాయిదాల్లో "ఈ పవర్ రద్దు చేయడానికి వీల్లేనిది" అని, "ప్రతిఫలం ముట్టింది" అని వాక్యాలు దొర్లుతాయి. ఎవరో బిల్డరుకో కొనుగోలుదారుకో రాసిన పాత మోడల్‌ను కాపీ కొట్టడం వల్ల వచ్చేవి అవి. కాంట్రాక్ట్ చట్టం 202వ సెక్షన్ ప్రకారం, పవర్ తీసుకున్నవారికి ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉంటే, దానికి నష్టం కలిగేలా పవర్‌ను ముగించలేరు. తమ్ముడికి అద్దె వసూలు పనికి ఇచ్చిన కాగితంలో ఆ మాటలు ఉండాల్సిన పని లేదు. కనిపిస్తే కొట్టేయించండి. జీపీఏ ద్వారా ఆస్తి "అమ్మడం, కొనడం" అన్నది టైటిల్ ఇవ్వదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తమ బదులు పనులు చూసుకోమని కుటుంబ సభ్యులకు నిజాయితీగా ఇచ్చే పవర్లకు ఆ తీర్పు అడ్డు కాదని కూడా అందులోనే ఉంది.

సంతకం ఎక్కడ పెట్టాలి

అక్క సెలవులకు విశాఖ వస్తే అన్నిటికంటే తేలిక దారి అదే. ఇక్కడి సబ్ రిజిస్ట్రార్ ముందే సంతకం పెట్టి ధ్రువీకరణ చేయించుకుంటే కాన్సులేట్, కొరియర్, వ్యాలిడేషన్ ఏవీ ఉండవు. పెళ్ళికో పండక్కో వచ్చినప్పుడు ఒక పనిదినం దీనికి కేటాయించమని చెప్పండి. వచ్చినవాళ్ళు చుట్టాల ఇళ్ళు తిరిగేసి, ఎయిర్‌పోర్టు కారు ఎక్కే ముందు రోజు ఈ మాట ఎత్తుతారు. అప్పటికి ఆఫీసుకు సెలవు!

రాలేకపోతే రెండు దారులున్నాయి. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, విదేశంలో ఉన్నవాళ్ళు అక్కడి నోటరీ, కోర్టు, మేజిస్ట్రేట్ లేదా భారత కాన్సులేట్ అధికారి ముందు సంతకం చేసి, వారి ధ్రువీకరణ పొందాలి.

ఒక దారిలో భారత కాన్సులేట్ అటెస్టేషన్ చేయించాలి. ముందు అక్కడి కాన్సులేట్ వెబ్‌సైట్‌లో చెక్‌లిస్టు చూసుకుని, పాస్‌పోర్టు, వీసా లేదా గ్రీన్‌కార్డు కాపీలు, ఫోటోలు, సాక్షుల వివరాలు సిద్ధం చేసుకోవాలి. రెండో దారిలో స్థానిక నోటరీ ముందు సంతకం చేసి, దాని మీద అపోస్టిల్ వేయించాలి. అపోస్టిల్ అంటే ఆ నోటరీ నిజమైన నోటరీయేనని ఆ ప్రభుత్వం ఇచ్చే ముద్ర. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్యే ఇది చెల్లుతుంది. మన దేశానికి 2005 నుంచి ఇది వర్తిస్తోంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా ఉన్నాయి. కెనడా 2024 జనవరిలో చేరింది. దుబాయ్‌లో ఉన్నవాళ్ళకు ఈ దారి లేదు, కాన్సులేట్‌కే వెళ్ళాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అపోస్టిల్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు ఇస్తుంది. న్యూజెర్సీలో మాత్రం ట్రెజరీ విభాగం ఇస్తుంది. అక్క ఒక రోజంతా తప్పు ఆఫీసుకు ఫోన్లు చేసింది, అందుకే చెబుతున్నాను.

ఏ దారి ఎంచుకోవాలి? విశాఖలో మీరు వెళ్ళబోయే ఆఫీసులోనే ముందు అడగండి, బ్యాంకు లోన్ ప్రమేయం ఉంటే బ్యాంకునూ అడగండి. చట్టం రెండిటినీ ఒప్పుకున్నా కౌంటర్ అవతల కూర్చున్నవారికి ఏది అలవాటో అది త్వరగా నడుస్తుంది. మేం మేనేజ్‌మెంట్ పవర్‌కు అపోస్టిల్, అమ్మకం పవర్‌కు కాన్సులేట్ వాడాం.

సంతకం ప్రతి పేజీలో ఉండాలి. ఇద్దరు సాక్షులు పేరు, చిరునామా రాయాలి. కాగితం వెనక్కి పంపే ముందు మొత్తం స్కాన్ చేసి పెట్టుకోమనండి. కొరియర్ ట్రాకింగ్ రసీదును, కవరును నేను పారేయలేదు. దానికి కారణం ఉంది.

మూడు నెలల గడువు

విదేశంలో రాసిన పవర్ మీద అక్కడ మన స్టాంపు సుంకం కట్టలేదు కదా. దాన్ని భారతదేశంలోకి మొదట అందుకున్న తేదీ నుంచి మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలని 1899 స్టాంపు చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. మన వైపు దీన్ని అందరూ "వ్యాలిడేషన్" అంటారు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఒరిజినల్, కాపీలు, పవర్ ఇచ్చినవారి, తీసుకున్నవారి ఫోటోలు, నా ఆధార్, సేల్ డీడ్ కాపీతో దరఖాస్తు ఇచ్చి, చలానా కట్టాలి. ఆ తర్వాత వాళ్ళు ఆ కాగితం మీదే సుంకం చెల్లించినట్టు ఎండార్స్‌మెంట్ వేసి ఇస్తారు. కుటుంబ సభ్యులకు ఇచ్చే పవర్‌కూ, బయటివాళ్ళకు ఇచ్చేదానికీ సుంకం వేరుగా ఉంటుంది. అందుకే బంధుత్వం ఏమిటో పవర్‌లోనే రాయించండి: "నా సొంత తమ్ముడు" అని. రేటు మారుతుంటుంది కాబట్టి ఆ రోజు కౌంటర్‌లో అడిగి చలానా తీయండి.

కొరియర్ కవరు ఎందుకు అన్నానంటే, కాగితం మీద ఉన్న సంతకం తేదీ కాదు, ఇక్కడికి చేరిన తేదీ లెక్క. మా పవర్ అక్కడ మార్చి మొదట్లో సంతకమై, అపోస్టిల్ ఆలస్యంతో ఏప్రిల్ నెలాఖరుకు వచ్చింది. జూలై దగ్గర పడుతుండగా నేను వెళ్ళాను. సంతకం తేదీ చూసి "గడువు దాటిపోయిందండీ" అన్నారు. కవరు మీద ముద్ర చూపించాక పని జరిగింది. నిజంగా గడువు దాటితే లోటు పడిన సుంకానికి పది రెట్ల దాకా పెనాల్టీ వేసే అధికారం చట్టంలో ఉంది. సుంకం కట్టని కాగితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు కూడా. కాగితం చేతికొచ్చిన వారంలోనే వెళ్ళడం మంచిది.

వాడటం మొదలుపెట్టాక

సంతకం ఎప్పుడూ నా పేరు ఒక్కటే పెట్టను. ముందు అక్క పేరు, దాని కింద "తరఫున, పవర్ ఆఫ్ అటార్నీ హోల్డర్" అని రాసి, నా సంతకం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఒట్టి నా పేరు పెడితే ఆ ఒప్పందం నేను సొంతంగా చేసుకున్నట్టు వాదించడానికి అవతలివారికి సందు దొరుకుతుంది.

అద్దె డబ్బు గురించి ఒక తప్పు ఒప్పుకోవాలి. పవర్ లేకుండా నడిపిన తొలి ఏడాది అద్దె నా ఖాతాలోనే వేయించాను. ఎన్ఆర్‌ఓ ఖాతా ఇంకా తెరవలేదు, "తర్వాత లెక్క చూద్దాం" అనుకున్నాం. నెలకు 22,000 చొప్పున వచ్చింది, మోటారు మార్చాను, పెయింట్ వేయించాను, అసోసియేషన్ వాళ్ళకు కట్టాను. రెండేళ్ళ తర్వాత లెక్క అడిగింది అక్క కాదు, బావగారు. ఏడు నెలల రసీదులు నా దగ్గర లేవు. నేను తినలేదు, కానీ చూపించలేను కూడా. ఆ సంక్రాంతికి ఫోన్లు కూడా ముభావంగానే జరిగాయి. చట్టం కూడా బావగారి వైపే ఉంది. అడిగినప్పుడు సరైన లెక్క చూపించడం ఏజెంటు బాధ్యత. తర్వాత ఎన్ఆర్‌ఓ ఖాతా తెరిచి అద్దెను నేరుగా అందులో వేయించడం మొదలుపెట్టాక గొడవ తప్పింది. ప్రతి ఖర్చుకూ ఫోటో తీసి, ఒక వాట్సాప్ గ్రూపులో పడేస్తున్నాను. అందులో బావగారు కూడా ఉన్నారు.

ఎన్ఆర్‌ఓ ఖాతాను నడపడానికి బ్యాంకులు తమ సొంత ఫారంలో పవర్ అడుగుతాయి, మన కాగితం చూపిస్తే చాలదు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఇక్కడున్న పవర్ హోల్డర్ ఆ ఖాతా నుంచి స్థానిక రూపాయి చెల్లింపులు చేయవచ్చు. అక్కకు రావాల్సిన అద్దెలాంటి ఆదాయాన్ని, పన్నులు పోను, ఆమెకే పంపించవచ్చు. ఆమె తరఫున ఎవరికీ గిఫ్ట్ ఇవ్వడానికీ, ఇంకో ఎన్ఆర్‌ఓ ఖాతాకు బదిలీ చేయడానికీ వీల్లేదు.

పన్ను సంగతి చాలామంది అద్దెదారులకు తెలియదు. ఇంటి యజమాని ఎన్ఆర్‌ఐ అయితే, అద్దె ఎంత తక్కువైనా అద్దెదారే టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. 30 శాతం, దాని మీద సెస్ కలిపి 31.2 శాతం. 22,000లో అది 6,864. అక్క భారత రిటర్న్ వేసి, ఎక్కువ కోతపడింది వెనక్కి తీసుకుంటుంది. ఇంట్లోకి దిగే ముందే ఈ మాట అద్దెదారుతో చెప్పుకోవాలి. లేకపోతే నోటీసు వచ్చేది వాళ్ళకు, తిట్లు పడేది నాకు.

మోసం ఎక్కడ మొదలవుతుంది, ఎలా తెలుస్తుంది

మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకరి కథ చెబుతాను. విదేశంలో ఉన్న కొడుకు, ఇక్కడి ఫ్లాటు మీద దగ్గర బంధువుకు అన్నీ కలిపి జీపీఏ ఇచ్చాడు. ఒరిజినల్ దస్తావేజు కూడా ఆయన దగ్గరే పెట్టాడు. ఆ బంధువు వ్యాపారంలో దెబ్బతిని ఆ ఫ్లాటు మీద తనఖా పెట్టి అప్పు తెచ్చాడు. తర్వాత తీర్చేద్దామనే అనుకున్నాడట. కొడుకుకు తెలిసింది అప్పిచ్చినవాళ్ళ నోటీసుతో. ఆ జీపీఏలో తనఖా అధికారం స్పష్టంగా రాసి ఉంది. ఎవరూ చదవకుండా సంతకం పెట్టిన మోడల్ కాగితం అది.

దీని నుంచి తీసుకోవాల్సిన జాగ్రత్త ఒక్కటే పెద్దది: పవర్, ఒరిజినల్ సేల్ డీడ్ రెండూ ఒకే చేతిలో ఉండకూడదు. మా అక్క ఒరిజినల్ దస్తావేజు బ్యాంకు లాకర్‌లో ఉంది. నా దగ్గర సర్టిఫైడ్ కాపీ మాత్రమే. ఒరిజినల్ లేకుండా మంచి లాయర్ ఎవరూ కొనుగోలుకు ఒప్పుకోరు, అప్పు ఇచ్చేవాళ్ళు కూడా ముందు అదే అడుగుతారు.

ఇక న్యూజెర్సీలో కూర్చున్న అక్క ఇక్కడ ఏం జరుగుతోందో చూసుకోవడానికి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ సైట్ registration.ap.gov.in లో ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, చూసుకుంటుంది. ఆరు నెలలకోసారి. ఆ ఫ్లాటు మీద అమ్మకం, అమ్మకం ఒప్పందం, రిజిస్టరైన తనఖా ఏదైనా జరిగితే అందులో కనిపిస్తుంది. అలాగే అద్దెదారు ఫోన్ నంబరు నేరుగా ఆమె దగ్గర ఉంది. ఈసీలో కొత్త గీత పడితేనో, అద్దెదారు "ఎవరో ఇల్లు చూడడానికి వచ్చారండీ" అంటేనో ఆమెకు తెలుస్తుంది. నా మీద నిఘా అనుకోకుండా, ఇది నాకు కూడా రక్షణే అనుకున్నాను. రేపు ఎవరైనా నన్ను అనుమానిస్తే చూపడానికి ఆధారం ఉంటుంది.

ఏజెంటు తనకు తానే ఆ ఆస్తి కొనుక్కోవడం కూడా చూడాల్సిన విషయం. యజమాని అనుమతి లేకుండా, ముఖ్యమైన సంగతులు దాచి చేస్తే ఆమె ఆ లావాదేవీని తోసిపుచ్చవచ్చు. అనుమతి ఉంటే రాతపూర్వకంగా తీసుకోండి.

అమ్మకం: రెండో పవర్, ఒక్క పని

ఈ మధ్య ఫ్లాటు అమ్మాలనుకున్నప్పుడు, పాత పవర్‌ను పొడిగించకుండా స్పెషల్ పవర్ వేరుగా రాయించాం. ముందు కొనేవారు కుదిరారు, 85 లక్షలకు మాట అయింది. ఆ తర్వాతే పవర్. దాంతో అందులో కొనేవారి పేరు, కనీస ధర 85 లక్షలు, ఆరు నెలల గడువు, డబ్బు అంతా అక్క ఎన్ఆర్‌ఓ ఖాతాకే పోవాలి, నా ఖాతాకు ఒక్క రూపాయి రాకూడదు అని రాయించగలిగాం. అడ్వాన్స్ కూడా. మేనేజ్‌మెంట్ పవర్‌లో ఇన్ని కట్టుబాట్లు రాయడం కుదరదు, ఎందుకంటే అప్పటికి కొనేవాళ్ళు ఎవరో తెలియదు. రెండు పవర్లు అన్నది ఇందుకే.

కొనేవారి లాయర్ మూడు విషయాలు అడిగారు. పవర్ ఒరిజినల్, దాని మీద వ్యాలిడేషన్ ఎండార్స్‌మెంట్. పవర్ ఇంకా చెల్లుబాటులో ఉందనీ, ఆమె జీవించే ఉన్నారనీ రాసిచ్చే నా అఫిడవిట్. ఇంకా ఆయన అక్కతో వీడియో కాల్‌లో నేరుగా మాట్లాడతానన్నారు. అక్క కాస్త నొచ్చుకుంది, "నేను బతికే ఉన్నానని చూపించాలా" అంటూ. కానీ ఆయన పని ఆయన సరిగ్గా చేశారు. పవర్ మీద కొనే ఎవరైనా అలా చేయాలి.

పన్ను దగ్గర తేడా పెద్దది, కాబట్టి అంకెలు చెబుతాను. ఎన్ఆర్‌ఐ దగ్గర కొన్నప్పుడు కొనేవారు కోసేది మామూలుగా వినే 1 శాతం కాదు. రెండేళ్ళకు పైగా ఉన్న ఇంటి మీద దీర్ఘకాల లాభానికి 12.5 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్. ముందుగా తక్కువ కోత సర్టిఫికెట్ తీసుకోకపోతే కొనేవారు మొత్తం ధర మీదే లెక్క వేసి కోస్తారు. మా అంకెల్లో 85 లక్షల మీద 12.5 శాతం 10.62 లక్షలు. 50 లక్షలు దాటింది కాబట్టి 10 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్ కలిపితే సుమారు 12.15 లక్షలు. నిజమైన లాభం 85 లోంచి 38 తీస్తే 47 లక్షలే. దాని మీద, సెస్‌తో కలిపి, పన్ను 6.11 లక్షలు. మిగతా ఆరు లక్షలు రిటర్న్ వేసి ఏడాది తర్వాత రిఫండ్‌గా రావాలి. అందుకే ఆదాయపు పన్ను శాఖ దగ్గర తక్కువ కోత సర్టిఫికెట్‌కు అమ్మకం ఒప్పందం కుదిరిన వెంటనే దరఖాస్తు చేయించాం. వారాలు పట్టింది. రిజిస్ట్రేషన్ తేదీని దానికి తగ్గట్టు జరుపుకున్నాం, కొనేవారు ఒప్పుకున్నారు.

రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ముందు వేలిముద్రలు, ఫోటో నావి. దస్తావేజులో అమ్మేవారు అక్క, ఆమె తరఫున నేను. అక్క పాన్ ఉండాలి. డబ్బు ఎన్ఆర్‌ఓ ఖాతాలో పడ్డాక ఆమె అమెరికా పంపించుకోవడానికి ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షల డాలర్ల పరిమితి ఉంది. దానికి సీఏ సర్టిఫికెట్, బ్యాంకు కాగితాల మీద సంతకం ఆమెదే. అమ్మకం డబ్బును బయటికి పంపడం నా పవర్‌తో చేసే పని కాదు.

రద్దు చేయాలంటే

అక్క ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. కానీ ఆమె మనసులో రద్దైతే చాలదు. కాంట్రాక్ట్ చట్టం 208వ సెక్షన్ ప్రకారం రద్దు ఏజెంటుకు తెలిసినప్పటి నుంచి అతనికి, బయటివాళ్ళకు తెలిసినప్పటి నుంచి వారికి వర్తిస్తుంది. తెలియని కొనుగోలుదారు మంచి నమ్మకంతో కొంటే గొడవ పెద్దదవుతుంది. కాబట్టి రద్దు దస్తావేజు రాసి, పవర్‌కు చేసినట్టే అటెస్టేషన్, వ్యాలిడేషన్ చేయించి, ఏజెంటుకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. అద్దెదారుకు, బ్యాంకుకు, అసోసియేషన్‌కు, సంబంధిత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు కాపీలివ్వాలి. విశాఖలో ఎక్కువమంది చదివే తెలుగు దినపత్రికలో ప్రకటన వేయాలి. ఈసీ చూస్తే రద్దు సంగతి కొనేవాళ్ళకు తెలిసిపోతుందని నమ్మకం పెట్టుకోకండి. అన్నిటికంటే ముందు ఒరిజినల్ పవర్ వెనక్కి తీసుకోండి. అది చేతిలో ఉన్నంతకాలం ఎవరో ఒకరికి చూపించవచ్చు.

మా రెండు పవర్ల పనీ అయిపోయింది. అమ్మకం రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు బ్యాంకుకు వెళ్ళి నా పేరు మీద ఉన్న అధికారాన్ని తీసేయించాను, రెండు ఒరిజినల్స్ మీదా "పని ముగిసింది" అని రాసి, తేదీ వేసి, స్కాన్ అక్కకు పంపాను. ఒరిజినల్స్ బావగారి చేతికి, ఈసారి వచ్చినప్పుడు.